రాత్రి కాళ్ల బాధకు ఐరనా, మెగ్నీషియమా, పొటాషియమా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఖమ్మం దగ్గర ఒక బడిలో టీచర్‌ని. ఏడాదిన్నరగా రాత్రి పడుకోగానే మోకాళ్ల కింద లోపల్లోపల ఏదో పాకుతున్నట్టు, గుంజుతున్నట్టు ఉంటోంది. నొప్పి అనలేను, కానీ కాళ్లు కదపకుండా ఉండలేను. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది, పడుకుంటే మళ్లీ మొదలు. మావారికి 57. ఆయనది వేరే రకం. తెల్లవారుజామున పిక్క పట్టేసి కేక పెట్టి లేస్తారు. మందుల షాపతను ఇద్దరికీ మెగ్నీషియం బిళ్లలు ఇచ్చాడు. రెండు నెలలు వాడాం. నాకేమీ తేడా లేదు, ఆయన కాస్త నయం అంటున్నారు. మా ఆడపడుచు చెప్పిందని ఆయన రోజూ మూడు చెంచాల పొటాషియం సిరప్ కూడా తాగుతున్నారు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడతారు. నేను గ్యాస్‌కి రాబెప్రజోల్, లెవోసల్‌పిరైడ్ కలిసిన క్యాప్సూల్ వేసుకుంటాను. నెలసరి బాగా ఎక్కువ. నా రిపోర్టులో హిమోగ్లోబిన్ 12.2, ఫెరిటిన్ 21, మెగ్నీషియం 2.0. అన్నీ నార్మలే అన్నారు. ఐరన్ వేసుకోమని తోటి టీచర్ అంటోంది. ఈ మూడింటిలో మాకు ఏది పనికొస్తుంది?

జవాబు: అన్నిటికంటే ముందు పొటాషియం సిరప్. డాక్టరు రక్తపరీక్ష చూసి రాసింది కాకపోతే దాన్ని ఈ రోజే ఆపించండి. బీపీ మాత్ర మాత్రం ఆపకూడదు. రేపో ఎల్లుండో ఆయనకు సోడియం, పొటాషియం, మెగ్నీషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి.

ఎందుకింత తొందర అంటే, ఆయన వేసుకునే ఒకే మాత్రలో రెండు మందులు పొటాషియాన్ని చెరోవైపు లాగుతున్నాయి. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా పొటాషియాన్ని బయటికి పంపుతుంది. టెల్మిసార్టాన్ దాన్ని ఒంట్లో నిలుపుతుంది. చివరికి ఎటు మొగ్గిందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు, రక్తపరీక్షే చెప్పాలి. మార్కెట్లో దొరికే పొటాషియం క్లోరైడ్ సిరప్‌లు చాలావాటిలో 15 మి.లీ.కు, అంటే మూడు చెంచాలకు, సుమారు 780 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. ఇంచుమించు రెండు అరటిపండ్లలో ఉన్నంత. కిడ్నీలు చక్కగా పనిచేసే మనిషి దీన్ని సులువుగానే బయటికి పంపేస్తాడు. కానీ 57 ఏళ్ల వయసులో, బీపీ ఉన్నవారిలో కిడ్నీలు కొంత మందగించి ఉన్నా పైకి తెలియదు. పైగా టెల్మిసార్టాన్ వాడకం. అప్పుడు రోజూ తాగిందంతా పోగుపడే అవకాశం ఉంది.

రక్తంలో పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఆరు దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. దీనికి చాలాసార్లు ముందస్తు హెచ్చరిక ఏమీ ఉండదు. మనిషికి బాగానే ఉన్నట్టుంటుంది, ఈసీజీలో మాత్రం తేడా కనిపిస్తుంది. ఆయనకు ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ నీరసంగా వాలిపోయినా, గుండె దడ లేదా కళ్లు తిరగడం ఉన్నా రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.

అలాగని ఆయన పొటాషియం తక్కువగా ఉండే అవకాశం లేదని కాదు. హైడ్రోక్లోరోథయజైడ్ వల్ల అది తగ్గడం మామూలే, విరేచనాలు వాంతులు ఎక్కువైనా తగ్గుతుంది. అయితే పొటాషియం బాగా తగ్గినప్పుడు ఎక్కువగా కనిపించేది కండరాల నీరసం, మలబద్ధకం, గుండె దడ. మిగతా అంతా బాగుండి, తెల్లవారుజామున ఒక్క పిక్క మాత్రం పట్టేయడం పొటాషియం లోపానికి గుర్తు కాదు. రిపోర్టులో 3.1 అనో 3.2 అనో వస్తే, సిరప్ ఎంత, ఎన్నాళ్లు అన్నది మీ డాక్టరు నిర్ణయిస్తారు. బహుశా బీపీ మందునే మారుస్తారు. నాలుగున్నర వస్తే ఇంకా పొటాషియం పోయడం వల్ల పిక్కకు ఒరిగేదేమీ లేదు.

కొబ్బరి నీళ్లు, అరటిపండు ఆహారంగా మంచివే. కిడ్నీ పరీక్ష బాగుంటే ఆయన నిశ్చింతగా తీసుకోవచ్చు. పిక్క పట్టడం ఆపుతాయని మాత్రం వాటి మీద ఆశ పెట్టుకోకండి, దానికి ఆధారం లేదు. ఈ మధ్య బీపీ వాళ్లకు మంచిదని చెప్పి సోడియం తక్కువ ఉప్పు అమ్ముతున్నారు. అందులో సోడియం క్లోరైడ్‌కు బదులుగా కొంత పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మీ ఇంట్లో అదే వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

ఇక మీ దగ్గరికి వస్తాను. మీ ఇద్దరివీ రెండు వేర్వేరు జబ్బులు. షాపతను ఇద్దరికీ ఒకే బిళ్ల ఇవ్వడంలోనే తప్పు జరిగింది.

మీరు రాసిన లక్షణాలు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌కు సరిగ్గా సరిపోతున్నాయి. స్వీడన్‌కు చెందిన కార్ల్ ఆక్సెల్ ఎక్బోమ్ అనే నరాల వైద్యుడు 1945లో దీన్ని వివరంగా నమోదు చేశాడు. ఇప్పటికీ దీన్ని స్కాన్‌తో గానీ రక్తపరీక్షతో గానీ నిర్ధారించరు, రోగి చెప్పే మాటలతోనే పోల్చుకుంటారు. కాళ్లు కదపాలనే ఆపుకోలేని కోరిక ఉండాలి. అది కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో మొదలవ్వాలి. కదిపినంతసేపూ, నడిచినంతసేపూ తగ్గాలి. పగటికంటే సాయంత్రం, రాత్రి ఎక్కువ కావాలి. ఈ నాలుగూ ఉండి, వేరే కారణం కనబడకపోతే అది ఇదే. బస్సులో దూర ప్రయాణం చేసేటప్పుడో, సాయంత్రం కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దేటప్పుడో కూడా మీకు ఇలా అవుతోందా, గమనించండి.

మీవారిది పిక్క పట్టేయడం. కండరం ఉన్నట్టుండి బిగుసుకుని ముద్దలా గట్టిపడుతుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. అసలైన నొప్పి ఉంటుంది. కండరాన్ని సాగదీస్తే వదులుతుంది. మర్నాడు కూడా ఆ చోట సలుపు ఉండొచ్చు. మీకు ఆ గట్టిపడటం లేదు, ఆయనకు ఆ కదపాలనే కోరిక లేదు. ఈ ఒక్క తేడాతోనే మందుల దారి పూర్తిగా మారిపోతుంది. మూడు ఖనిజాల్లో గట్టి ఆధారం ఉన్నది ఒక్క ఐరన్‌కే. అది కూడా మీ జబ్బుకే, అదీ నిల్వలు తక్కువున్న వాళ్లకే. కాబట్టి మీ తోటి టీచర్ చెప్పింది సరైన మాటే.

కాళ్ల బాధకు ఐరన్‌తో ఏం సంబంధం అంటారేమో. ఈ జబ్బు మూలం కాళ్లలో లేదు, మెదడులో ఉంది. కదలికల్ని అదుపు చేసే డోపమిన్ అనే రసాయనం తయారవడానికి ఐరన్ కావాలి. ఈ జబ్బున్న వాళ్ల వెన్నునీటిని పరీక్షించినప్పుడు, చనిపోయాక మెదడు కణజాలాన్ని పరిశీలించినప్పుడు అక్కడ ఐరన్ తక్కువగా కనిపించింది. రక్తంలో మామూలుగా ఉన్న కొందరిలో కూడా మెదడుకు చేరింది తక్కువే. గర్భిణుల్లో, కిడ్నీ జబ్బున్న వాళ్లలో, నెలసరి ఎక్కువయ్యే వాళ్లలో ఈ బాధ ఎక్కువగా కనిపించడానికి ఐరన్ కొరత ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు మీ రిపోర్టు చూద్దాం. హిమోగ్లోబిన్ 12.2 అంటే రక్తహీనత లేదు. కానీ హిమోగ్లోబిన్ రోజూ వంటకు తీసే బియ్యం లాంటిది, ఫెరిటిన్ గాదెలో మిగిలిన ధాన్యం. గాదె అడుగంటుతున్నా కొన్నాళ్లపాటు పూటకు వంట జరిగిపోతూనే ఉంటుంది. ఆడవాళ్లకు ఫెరిటిన్ 13, 15 దగ్గర్నుంచే నార్మల్ అని చాలా ల్యాబ్‌లు అచ్చువేస్తాయి. అందుకే 21 పక్కన మీకు ఎర్ర గుర్తు కనబడలేదు. ఆ అంకె రక్తహీనత సంగతి చూడటానికి ఉద్దేశించింది. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్న వాళ్లకు కొలత వేరు. ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వమని ఈ జబ్బు నిపుణుల అంతర్జాతీయ బృందం 2018లో చెప్పింది, అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2025లో ఇచ్చిన మార్గదర్శకాలూ అదే అంకెను తీసుకున్నాయి. ఆ లెక్కన మీ 21 చాలా తక్కువ. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. మన దగ్గర రాత్రిళ్లు కాళ్లు గుంజుతున్నాయనే ఆడవాళ్లకు ఫెరిటిన్ చూడకుండా మెగ్నీషియం ఇచ్చి పంపడం నాకు అందుకే మింగుడుపడదు.

ఆధారం ఎంత గట్టిదో కూడా చెప్పాలి. ఫెరిటిన్ 15 నుంచి 75 మధ్య ఉన్న 18 మంది మీద 2009లో ఒక ప్రయోగం జరిగింది. కొందరికి ఐరన్, మిగతావాళ్లకు అచ్చం అలాగే ఉండే మందులేని బిళ్ల 12 వారాలు ఇచ్చారు. బాధ తీవ్రతను 40 మార్కుల కొలతలో చూస్తే ఐరన్ వాడిన వాళ్లకు సగటున పది తగ్గాయి, ఉత్తి బిళ్ల వాళ్లకు ఒకటి. ప్రయోగం చిన్నదే, కానీ తేడా పెద్దది. అంతకుముందు 2000లో నిల్వలతో పని లేకుండా అందరికీ ఐరన్ మాత్రలిచ్చి చూసిన ప్రయోగంలో లాభం కనబడలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే అర్థమవుతుంది. ఐరన్ ఈ జబ్బుకు మందు కాదు, కొరత ఉన్నప్పుడు ఆ కొరతకు మందు.

మోతాదు సంగతి. మన దగ్గర ఎక్కువగా రాసేది ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్ర, అందులో 100 మి.గ్రా. ఎలిమెంటల్ ఐరన్, అంటే నికరమైన ఐరన్, ఉంటుంది. ఫెర్రస్ సల్ఫేట్ మాత్రల్లో అయితే 60, 65 మి.గ్రా. అట్ట మీద ఎలిమెంటల్ ఐరన్ ఎంత అని రాసి ఉంటుంది, చూడాల్సింది ఆ అంకెనే. రోజుకొకటి, లేదా రోజు విడిచి రోజు ఒకటి సరిపోతుంది. ఒక మాత్ర వేసుకున్నాక ఇంచుమించు ఒక రోజు పాటు పేగులు ఐరన్‌ను లోపలికి రానివ్వడం తగ్గిస్తాయి. అందుకని పూటకొకటి మింగితే రెట్టింపు చేరదు, మలబద్ధకం మాత్రం రెట్టింపవుతుంది. పరగడుపున మంచినీళ్లతో గానీ నిమ్మరసంతో గానీ వేసుకోండి. కడుపులో తిప్పితే కొంచెం తిన్నాక వేసుకోవచ్చు, చేరేది కాస్త తగ్గుతుంది. టీ, కాఫీ, పాలు, క్యాల్షియం బిళ్లలకు ముందో వెనకో రెండు గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే లేచి టీ తాగే అలవాటుంటే మాత్రను రాత్రి పడుకోబోయే ముందుకు మార్చుకోండి. థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటుంటే దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం కావాలి. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడక్కర్లేదు. పిల్లలున్న ఇల్లైతే ఈ మాత్రల్ని ఎత్తు మీద, తాళంలో పెట్టండి. పసిపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

వారంలో తగ్గిపోతుందని ఎదురుచూడకండి. ఇందాక చెప్పిన ప్రయోగంలో మూడు నెలల ఐరన్‌కు ఫెరిటిన్ సగటున పాతిక దాకా పెరిగింది. మీకూ అలాగే పెరిగితే మూడు నెలలకు 45 దగ్గరకు వస్తారు, 75 దాటడానికి ఆరేడు నెలలు పడుతుంది. కాళ్లలో తేడా ఈ లోపే, రెండు మూడు నెలలకు తెలియాలి. మూడు నెలలకు పరీక్ష మళ్లీ చేయించేటప్పుడు ముందురోజు ఐరన్ మాత్ర మానేసి, పొద్దున పరగడుపున రక్తం ఇవ్వండి. ఫెరిటిన్‌తో పాటు, రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండి ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా అడగండి. ఎందుకంటే జ్వరం, ఒంట్లో ఎక్కడైనా వాపు, కొవ్వు పట్టిన లివర్ ఉంటే ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రెండో పరీక్ష 20 శాతం లోపు వస్తే కొరత ఉన్నట్టే.

మాత్రలు పడకపోయినా, మూడు నెలలకు అంకె కదలకపోయినా నరం ద్వారా ఎక్కించే ఐరన్ ఉంది. ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇంజెక్షన్ మన పట్టణాల్లోనూ దొరుకుతుంది, ఒక పూటలో ఎక్కించి పంపేస్తారు. ఫెరిటిన్ 75 నుంచి 100 మధ్య ఉన్నవాళ్లకు మాత్రలకంటే ఇదే పనిచేసే అవకాశం ఎక్కువ. అరుదుగా అలర్జీ రావచ్చు, రక్తంలో ఫాస్ఫేట్ పడిపోవచ్చు. కాబట్టి ఆసుపత్రిలోనే చేయించుకోవాలి.

గాదె ఎందుకు ఖాళీ అవుతోందో చూడకుండా నింపుతూ పోతే లాభం లేదు. మిల్లీలీటరు రక్తం పోతే దాదాపు అర మిల్లీగ్రాము ఐరన్ పోతుంది. నెలసరిలో గంట, రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, గడ్డలు పడినా, ఏడు రోజులు దాటినా గైనకాలజిస్టును కలవండి. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, థైరాయిడ్ లోపం ఈ వయసులో తరచుగా కనబడే కారణాలు.

మీ గ్యాస్ క్యాప్సూల్ గురించి ఎవరూ మీకు చెప్పి ఉండరు. అందులో రెండు మందులూ మీకు ఎదురు తిరిగేవే. రాబెప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఐరన్ ఒంటికి పట్టాలంటే ఆమ్లం కావాలి. లెవోసల్‌పిరైడ్ అయితే డోపమిన్‌ను అడ్డుకునే మందు. డోపమిన్ తగ్గితే ఎక్కువయ్యే జబ్బున్న మనిషి దాన్ని రోజూ వేసుకోవడం నిప్పుకు గాలి ఇవ్వడమే. ఈ క్యాప్సూల్ ఎప్పుడు మొదలుపెట్టారో, కాళ్ల బాధ ఎప్పుడు మొదలైందో క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. దాన్ని మానేయొచ్చా, లెవోసల్‌పిరైడ్ లేనిది చాలునా అని రాసిచ్చిన డాక్టరును అడగండి. డాక్టరు రాయకుండా షాపులోనే తెచ్చుకుంటుంటే ఈ వారమే ఒక డాక్టరును కలవండి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, మత్తునిచ్చే జలుబు మాత్రలు, డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మందులు కూడా ఈ బాధను పెంచుతాయి. డిప్రెషన్ మందులను సొంతంగా ఆపకూడదు, డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. సాయంత్రం తర్వాత కాఫీ, టీ తగ్గించి చూడటం సులభమే, కొందరికి ఫలితం ఉంటుంది.

ఇక మెగ్నీషియం. మీ ఇద్దరి ఇంటి కథే దీనికి చక్కని పాఠం. పిక్కలు పట్టేసే పెద్దవాళ్లకు మెగ్నీషియం ఇస్తే చెప్పుకోదగ్గ లాభం ఉండే అవకాశం తక్కువని, ప్రయోగాలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2012లో చెప్పింది, 2020లో మళ్లీ సరిచూసి అదే చెప్పింది. ఇజ్రాయెల్‌లో 94 మందికి నాలుగు వారాలు మెగ్నీషియం ఆక్సైడ్ గానీ, దానిలాగే కనబడే ఉత్తి బిళ్ల గానీ ఇచ్చి 2017లో ఫలితం ప్రకటించారు. మెగ్నీషియం వాళ్లకు పిక్క పట్టడం వారానికి సుమారు మూడుసార్ల మేర తగ్గింది. ఉత్తి బిళ్ల వాళ్లకూ సుమారు మూడుసార్ల మేరే తగ్గింది. ఆ రెండో వర్గంలో ఎవర్ని అడిగినా బిళ్ల పనిచేసిందనే చెప్పేవారు. పిక్క పట్టడం కొన్ని వారాలు ఉధృతంగా ఉండి, దానంతటదే తగ్గే స్వభావం ఉన్న బాధ. బాగా ఎక్కువైనప్పుడే మనం బిళ్ల కొంటాం, తర్వాత తగ్గితే పేరు బిళ్లకు వెళుతుంది. మీవారు కాస్త నయం అంటున్నారంటే ఆయన అబద్ధం చెబుతున్నట్టు కాదు. నిజంగా తగ్గి ఉండొచ్చు, బిళ్ల వల్లే తగ్గిందని మాత్రం చెప్పలేం.

షాపతను ఇంకో మాట అంటాడు. రక్తంలో కనిపించేది ఒంట్లోని మెగ్నీషియంలో ఒక శాతం కూడా ఉండదు, కాబట్టి 2.0 అని రిపోర్టు వచ్చినా లోపం ఉండొచ్చు అని. ఆ శాతం లెక్క నిజమే. కానీ పై ప్రయోగాల్లో రక్తపు అంకెను కాదు, పిక్క పట్టిన రాత్రుల్ని లెక్కపెట్టారు. లోపలి లోపం దాక్కుని ఉండి, బిళ్ల దాన్ని పూడ్చేదైతే ఆ రాత్రులు తగ్గాలి కదా. ఆక్సైడ్ పనిచేయదు, గ్లైసినేట్ అయితే చేస్తుందని మూడింతల ధరకు అమ్మే వాళ్లున్నారు. గ్లైసినేట్‌తో విరేచనాలు తక్కువ కావొచ్చు, అంతవరకే. పిక్కలకు అది మెరుగని చూపించిన మంచి ప్రయోగం లేదు. గర్భిణుల్లో ఫలితాలు ఒకదానికొకటి పొసగడం లేదు, వాళ్లు ప్రసూతి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. రెస్ట్‌లెస్ లెగ్స్‌కు మెగ్నీషియం మంచిదని చెప్పడానికి తరచుగా చూపేది 1998 నాటి పదిమంది అధ్యయనం. అందులో పోల్చి చూడటానికి ఉత్తి బిళ్ల వర్గమే లేదు. మీకు రెండు నెలల్లో తేడా రాలేదన్నారు కాబట్టి మీరు ఆపేయండి.

మీవారి విషయంలో మాత్రం మెగ్నీషియం పరీక్ష చేయించమని పైన రాశాను, దానికి కారణముంది. హైడ్రోక్లోరోథయజైడ్ మెగ్నీషియాన్ని కూడా బయటికి పంపుతుంది. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకు, మద్యం ఎక్కువగా తాగేవాళ్లకు, తగ్గని విరేచనాలున్న వాళ్లకు నిజమైన లోపం రావచ్చు. మెగ్నీషియం బాగా తగ్గి ఉంటే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు, ముందు దీన్ని సరిచేయాలి. రక్తంలోనే తక్కువ అని తేలితే వాడటం సప్లిమెంట్ కాదు, వైద్యం. కిడ్నీ పరీక్ష బాగాలేకపోతే మాత్రం మెగ్నీషియం బిళ్ల కూడా ఆయనకు ప్రమాదమే, ఆ రిపోర్టు వచ్చేదాకా దాన్నీ పక్కన పెట్టండి.

పిక్క పట్టిన క్షణంలో ఆయన చేయాల్సింది మోకాలు చాపి, పాదం వేళ్లను చేత్తో ముఖం వైపు లాగడం. లేచి పాదం నేలకు ఆనించి నిలబడ్డా చాలు. రాకుండా చూసుకోవడానికి డబ్బు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. 55 ఏళ్లు దాటిన 80 మంది మీద 2012లో ప్రకటించిన ప్రయోగంలో ఆరు వారాలు రోజూ పడుకోబోయే ముందు పిక్కల్నీ తొడ వెనక కండరాల్నీ సాగదీసిన వాళ్లకు పట్టడం స్పష్టంగా తగ్గింది. అంతకుముందు ఇంకో ప్రయోగంలో ఇంత లాభం కనబడలేదు, కాబట్టి ఇది తిరుగులేని ఉపాయమని అనను. కానీ నష్టం లేదు. గోడకు రెండడుగుల దూరంలో నిలబడి, చేతులు గోడకు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేల మీంచి లేవకుండా ముందుకు వంగాలి. పిక్క లాగుతున్నట్టు తెలిసేదాకా వంగి, పది లెక్కపెట్టేంతసేపు ఆగాలి. ఒక్కో కాలికి మూడుసార్లు. ఆరు వారాలు చేసి, ఏ రాత్రి పట్టిందో క్యాలెండర్‌లో గీత పెట్టుకోమనండి. ఎవరైనా క్వినైన్ మాత్ర వాడమంటే వద్దనండి. అది పిక్కలకు కొంత పనిచేస్తుంది, కానీ రక్తకణాల్నీ గుండె లయనూ దెబ్బతీసే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ బాధకు వాడొద్దని హెచ్చరించింది.

ఆయన పిక్కకు ఫెరిటిన్‌తో పని లేదు. మీ ఐరన్ మాత్రలు ఆయనతో పంచుకోకండి. మగవాళ్లకు నెలనెలా పోయే దారి లేదు, అనవసరంగా వేసుకుంటే ఐరన్ ఒంట్లో పేరుకుంటుంది. ఎప్పుడైనా వేరే పనికి చేయించిన పరీక్షలో ఆయన ఫెరిటిన్ తక్కువ వస్తే, మాత్ర కొనే ముందు కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో చూపించాలి.

ఇద్దరిలో ఎవరికైనా ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. నడుస్తుంటే పిక్క నొప్పి వచ్చి ఆగితే తగ్గిపోతుంటే అది కాలికి రక్తప్రసరణ తగ్గిన గుర్తు. పాదాల్లో మొద్దుబారడం, మంటలు పగలూ రాత్రీ ఉంటే షుగర్, బి12 పరీక్షలు చేయించాలి.

మీ విషయంలో ఫెరిటిన్ 75 దాటి, లెవోసల్‌పిరైడ్ మానేశాక కూడా వారంలో చాలా రాత్రులు నిద్ర చెడిపోతుంటే న్యూరాలజిస్టును కలవండి. ఇప్పుడు ముందుగా వాడుతున్నవి గాబాపెంటిన్, ప్రీగాబలిన్. ప్రమిపెక్సోల్ రాస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. మొదట బ్రహ్మాండంగా పనిచేసే ఆ మందు, నెలలో ఏళ్లో గడిచాక కొందరిలో జబ్బునే పెంచుతుంది. రాత్రి పదికి మొదలయ్యే బాధ సాయంత్రం నాలుగింటికే వస్తుంది, చేతులకూ పాకుతుంది. అప్పుడు మోతాదు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. వాడాల్సి వస్తే తక్కువ మోతాదులో, బాధ మొదలయ్యే వేళ రాసిపెట్టుకుంటూ వాడాలి. ఆ వేళ ముందుకు జరుగుతోందని మీకు అనిపించిన వారంలోనే డాక్టరుకు చెప్పండి. మందును మీరే ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి.